మానని దగ్గు: స్కాన్ రాయకముందు

పెద్దవారిలో దగ్గును వైద్యులు అది ఎంతకాలంగా ఉందన్నదాన్ని బట్టి మూడు తరగతులుగా చూస్తారు. 3 వారాలలోపు తగ్గిపోయేది తాత్కాలికమైన దగ్గు. 3 నుంచి 8 వారాల వరకు సాగేది చాలాసార్లు జలుబో వైరల్ జ్వరమో తగ్గాక మిగిలిపోయే దగ్గు. 8 వారాలు దాటినా ఆగనిదాన్ని దీర్ఘకాలిక దగ్గు అంటారు. ఈ 8 వారాల గీతకు కారణం ఉంది. ఇన్ఫెక్షన్ వల్ల రేగిన శ్వాసమార్గపు లోపలి పొర సాధారణంగా ఆ గడువులోగా మాని, దగ్గు దానంతట అదే సద్దుమణుగుతుంది. ఆ గీత దాటాక కూడా దగ్గు వస్తోందంటే దానిని నిలబెడుతున్న మరో కారణం ఏదో ఉందని భావించి వెతకాలి.

అయితే భారతదేశంలో, అందులోనూ అరకులోయ, పాడేరు, ముంచంగిపుట్టు వంటి తూర్పు కనుమల గిరిజన మండలాల్లో, ఈ లెక్కకు ముందే మరొక లెక్క మొదలవుతుంది. ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు ఈ దేశంలోనే ఉన్నందువల్ల, దగ్గు 2 వారాలు దాటితే చాలు, ఆ వ్యక్తికి క్షయ పరీక్ష చేయాలని జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం నిర్దేశిస్తోంది. కాబట్టి కొండ ప్రాంతంలో దగ్గుతో వచ్చిన మనిషి విషయంలో రెండు గడువులను పక్కపక్కనే ఉంచుకొని చూడాలి. 2 వారాల గడువు క్షయ కోసం. 8 వారాల గడువు ముక్కు, కడుపు, శ్వాసనాళాలు, వాడుతున్న మందుల కోసం. మొదటిదాన్ని మరిచి రెండోదాని వెంట పడితే ప్రమాదకరమైన జబ్బు దాటిపోతుంది. మొదటిదానికి జవాబు దొరికాక రెండోదాన్ని వదిలేసి నేరుగా సీటీ స్కాన్‌కు పంపితే కారణం దొరకకుండానే డబ్బు, రోజు, ధైర్యం ఖర్చవుతాయి.

స్కాన్‌కు కనిపించనివి

ఛాతీ సీటీ స్కాన్ ఊపిరితిత్తుల ఆకృతిని చూపిస్తుంది. మచ్చ, గడ్డ, గుహ, వెడల్పైన నాళం, గట్టిపడిన కణజాలం వంటివి అందులో ఎక్స్‌రే కంటే ఎంతో స్పష్టంగా తెలుస్తాయి. కానీ పొగతాగని, ఎక్స్‌రే మామూలుగా ఉన్న మనిషిలో దీర్ఘకాలిక దగ్గుకు ఎక్కువగా కారణమయ్యేవి ఆకృతి మార్పులు కావు. ముక్కు వెనక నుంచి గొంతులోకి జారే స్రావం, ఉబ్బసం తరహా శ్వాసనాళాల వాపు, కడుపులోని ఆమ్లం అన్నవాహికలోకి ఎగదన్నడం అనే మూడింటికే వీటిలో పెద్ద వాటా అని అమెరికా వైద్యుడు రిచర్డ్ ఇర్విన్, ఆయన సహచరులు 1980ల నుంచి చేసిన పరిశీలనల్లో తేలింది. ఈ మూడింటికి తర్వాతి కాలంలో రక్తపోటు మందుల వల్ల వచ్చే దగ్గు తోడైంది. ఈ నాలుగింటిలో దేనినీ ఛాతీ స్కాన్ నేరుగా పట్టి చూపదు. స్కాన్ మామూలుగా ఉందని రాసిన కాగితం చేతికి వస్తుంది, దగ్గు మాత్రం రోగితో పాటే ఇంటికి తిరిగి వస్తుంది.

అరకు నుంచి విశాఖపట్నం ఘాట్ రోడ్డు మీదుగా సుమారు 115 కిలోమీటర్లు. బస్సులో వెళ్ళినా కిరండూల్ రైలులో వెళ్ళినా స్కాన్ అంటే కొండ మనిషికి కనీసం ఒక పూర్తి రోజు కూలి పోవడం, తోడుగా ఇంకొకరి కూలి కూడా పోవడం. కాఫీ పండ్ల కోత సాగే నవంబరు నుంచి జనవరి వరకు ఆ రోజు మరింత ఖరీదైనది. దీనికి తోడు సాధారణ ఛాతీ సీటీలో అందే రేడియేషన్ ఒక ఎక్స్‌రేలో అందే దాని కంటే పదుల రెట్లు ఎక్కువ. క్షయ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో మరో చిక్కు కూడా ఉంది. ఎప్పుడో వచ్చి మానిన క్షయ వదిలిన చిన్న మచ్చలు, సున్నం పేరుకున్న గ్రంథులు స్కాన్‌లో తరచుగా కనిపిస్తాయి. వాటికి ఇప్పటి దగ్గుతో సంబంధం లేకపోయినా, నివేదికలో అవి ఉన్నాయి గనుక మళ్ళీ స్కాన్, మళ్ళీ ప్రయాణం, కొన్నిసార్లు అవసరం లేని క్షయ మందులు కూడా మొదలవుతాయి.

ఇక్కడ ఒక భేదాన్ని గట్టిగా గుర్తుంచుకోవాలి. వాయిదా వేయవచ్చు అంటున్నది సీటీ స్కాన్‌ను మాత్రమే. 8 వారాల దగ్గు ఉన్న ప్రతి పెద్దవారికీ ఛాతీ ఎక్స్‌రే తీయించాలి, దానిని మానకూడదు.

మొదట కఫం, మొదట ఎక్స్‌రే

తొలి రోజునే కొన్ని ప్రమాద సూచనల గురించి అడగాలి. కఫంలో రక్తం, సాయంత్రపు జ్వరం, రాత్రి చెమటలు, తగ్గుతున్న బరువు, పెరుగుతున్న ఆయాసం, 3 వారాలకు మించి బొంగురుపోయిన గొంతు, మింగడంలో కష్టం, కాళ్ళ వాపు, మెడలో గడ్డలు వాటిలో ముఖ్యమైనవి. చాలా ఏళ్ళుగా చుట్టో బీడీయో తాగుతున్న 45 ఏళ్ళు దాటిన వ్యక్తికి కొత్తగా దగ్గు రావడం, లేదా పాత దగ్గు తీరు మారడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఉత్తర కోస్తా పల్లెల్లో అడ్డపొగ, అంటే చుట్ట వెలిగించిన కొసను నోటి లోపల పెట్టుకొని తాగడం, స్త్రీలలోనే ఎక్కువగా కనిపించే అలవాటు. కాబట్టి పొగాకు గురించిన ప్రశ్నను ఆడవారిని అడగకుండా వదిలేయడం పెద్ద పొరపాటు. ఈ సూచనల్లో ఏ ఒక్కటి ఉన్నా తర్వాతి పేజీల్లో చెప్పే నిదానమైన క్రమం ఆ రోగికి వర్తించదు, ఆయనను వెంటనే పై ఆసుపత్రికి పంపాలి.

కఫ పరీక్ష ఫలితం కఫం ఎలా సేకరించారన్న దాని మీద ఎంతగానో ఆధారపడుతుంది. డబ్బాలో ఉమ్మి ఇచ్చి పంపితే ఎంత మంచి యంత్రమైనా క్షయ క్రిమిని చూపలేదు. రోగి నోటిని నీటితో పుక్కిలించి, ఇంటి బయట గాలి తగిలే చోట నిలబడి, రెండు మూడు సార్లు నిండుగా ఊపిరి పీల్చి వదిలి, చివరి ఊపిరితో లోతు నుంచి దగ్గి, చిక్కటి తెమడను డబ్బాలోకి తీయాలి. 2 నుంచి 5 మిల్లీలీటర్లు ఉంటే సరిపోతుంది. ఒక నమూనా ఆసుపత్రికి వచ్చిన రోజున, ఇంకొకటి మర్నాడు లేచిన వెంటనే ఇవ్వాలి. కొండ గ్రామాల్లో స్త్రీలు నలుగురి ముందు కఫం ఉమ్మడానికి సిగ్గుపడి మింగేస్తుంటారు, వారికి ఆశా కార్యకర్త ఏకాంతం కల్పించి చెప్పగలిగితే నమూనా నాణ్యతే మారిపోతుంది. ఆ నమూనాను ట్రూనాట్ లేదా సీబీనాట్ యంత్రంలో పరీక్షిస్తారు. ఇవి క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని వెతికి, రిఫాంపిసిన్ అనే ప్రధాన మందుకు ఆ క్రిమి లొంగుతుందో లేదో కూడా చెప్పగలవు. గోవాలో రూపొందిన ట్రూనాట్ బ్యాటరీతో కూడా నడుస్తుంది, కరెంటు నిలకడగా లేని చోట అది చిన్న సౌకర్యం కాదు.

ఈ దశలో జరిగే ఒక నష్టాన్ని విడిగా చెప్పాలి. దగ్గుతో గ్రామంలోని ఆర్‌ఎంపీ దగ్గరికో మందుల దుకాణానికో వెళ్ళిన వ్యక్తికి లీవోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్, దానితో పాటు ఒక స్టెరాయిడ్ మాత్ర ఇవ్వడం చాలాచోట్ల జరుగుతోంది. లీవోఫ్లాక్సాసిన్ వర్గపు మందులు క్షయ క్రిమిని కూడా కొంతవరకు అణుస్తాయి, స్టెరాయిడ్ జ్వరాన్ని, నీరసాన్ని కప్పేస్తుంది. రోగికి పది రోజులు నయమైనట్టు ఉంటుంది, కఫ పరీక్షలో క్రిమి దొరకకపోవచ్చు, జబ్బు మాత్రం లోలోపల సాగుతూనే ఉంటుంది. అందువల్ల మానని దగ్గుతో వచ్చినవారిని ఇంతకుముందు ఏ మాత్రలు, ఏ ఇంజెక్షన్లు వాడారో అడిగి, అవి వాడి ఉంటే ఒక్క పరీక్షలో క్షయ లేదని వచ్చినా నిశ్చింతగా ఉండకూడదు.

కఫంలో క్రిమి లేదని తేలి, ఎక్స్‌రే కూడా శుభ్రంగా ఉంటే అప్పుడు అసలైన వెతుకులాట మొదలవుతుంది. ఆ వెతుకులాట మందుల సంచీతో మొదలు కావడం అన్నిటికంటే చవక, అన్నిటికంటే తేలిక.

మందుల సంచీ

రక్తపోటుకు, గుండె బలహీనతకు, మధుమేహం వల్ల దెబ్బతింటున్న మూత్రపిండాలకు వాడే మందుల్లో ఏసీఈ నిరోధకాలు అనే వర్గం ఉంది. ఎనలాప్రిల్, రామిప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్ వంటి వీటన్నిటి పేర్లూ ‘ప్రిల్’ అనే అక్షరాలతో ముగుస్తాయి గనుక, ఇంగ్లీషు చదవడం కొద్దిగా వచ్చినవారెవరైనా మాత్రల అట్ట వెనక సన్న అక్షరాల్లో ఉన్న అసలు పేరును చూసి వీటిని గుర్తించవచ్చు. బ్రెజిల్‌లోని ఒక రక్తపింజరి కుటుంబపు పాము విషం మీద జరిగిన పరిశోధన నుంచి ఈ వర్గం పుట్టింది. తొలి మందు క్యాప్టోప్రిల్ 1981లో అమెరికాలో ఆమోదం పొందింది. కొన్నేళ్ళ వాడకం తర్వాతగానీ దానికి దగ్గుతో ఉన్న సంబంధం వైద్యులకు స్పష్టం కాలేదు.

సంబంధం ఇలా ఉంటుంది. ఏసీఈ అనే ఎంజైమ్ రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారు చేయడంతో పాటు, బ్రాడీకైనిన్, సబ్‌స్టెన్స్ పి అనే రెండు పదార్థాలను విరగ్గొట్టి తొలగించే పని కూడా చేస్తుంది. మందుతో ఆ ఎంజైమ్‌ను ఆపితే రక్తపోటు తగ్గుతుంది, కానీ ఆ రెండు పదార్థాలు శ్వాసనాళాల్లో పోగుపడి దగ్గు పుట్టించే నరాలను సున్నితం చేస్తాయి. దాంతో కఫం లేని పొడి దగ్గు, గొంతులో ఏదో గీరుతున్నట్టు కిచకిచ మొదలవుతుంది. వాడినవారందరికీ ఇలా జరగదు. వేర్వేరు పరిశీలనల్లో ఇది వందకు 5 నుంచి 20 మందిలో కనిపించింది, స్త్రీలలో ఎక్కువ. మోతాదు తగ్గించినా, అదే వర్గంలో మరొక మందుకు మారినా ప్రయోజనం ఉండదు.

ఈ కారణం తరచుగా తప్పిపోవడానికి మూలం కాలవ్యవధిలో ఉంది. మాత్ర మొదలుపెట్టిన మొదటి వారంలోనే దగ్గు వస్తే ఎవరైనా అనుమానిస్తారు. కానీ అది కొందరిలో నెలల తర్వాత మొదలవుతుంది, అప్పటికి ఆ మాత్ర రోజూ తినే అన్నంలాగా అలవాటై, ఏం మందులు వాడుతున్నారని అడిగితే రోగికి దాని పేరే గుర్తుకు రాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అట్టల నుంచి కత్తిరించి ఇచ్చిన మాత్రలైతే పేరు కనిపించే ముక్క కూడా మిగలకపోవచ్చు. అందుకే నోటితో అడగడంతో సరిపెట్టకుండా, ఇంట్లో ఉన్న మాత్రలన్నిటినీ, అట్టలతో చీటీలతో సహా, సంచీలో వేసి తెమ్మని చెప్పాలి.

సంచీలో ‘ప్రిల్’ దొరికితే దానిని మాన్పించి, టెల్మిసార్టాన్ లేదా లోసార్టాన్ వంటి మరో వర్గపు మందుకు, లేదా ఆమ్లోడిపిన్‌కు వైద్యుడు మారుస్తారు. చాలామందిలో దగ్గు 1 నుంచి 4 వారాల్లో తగ్గుతుంది, కొందరిలో 3 నెలలు కూడా పట్టవచ్చు. కాబట్టి పది రోజులు చూసి ఇది కారణం కాదని తీర్పు ఇవ్వకూడదు. రోగి తనంతట తాను మాత్ర ఆపేయడం మాత్రం ప్రమాదం. గుండెపోటు వచ్చి తేరుకున్నవారికి, గుండె నీరసించినవారికి ఆ మాత్ర ప్రాణాధారం, బదులు మందు చేతికి అందాకే పాతది ఆపాలి.

సంచీలో చూడవలసిన మందులు మరికొన్ని ఉన్నాయి. ప్రొప్రనొలాల్ వంటి బీటా నిరోధకాలు, కంటిలో నీటికాసులకు వేసే టిమొలాల్ చుక్కలు కూడా, లోపల దాగి ఉన్న ఉబ్బసాన్ని రేపగలవు. కంటి చుక్కలను మందుగా లెక్కపెట్టి చెప్పే రోగులు అరుదు. అమియోడరోన్, మెథోట్రెక్సేట్, మూత్రంలో ఇన్ఫెక్షన్లకు నెలల తరబడి వాడే నైట్రోఫ్యురాంటాయిన్ ఊపిరితిత్తుల కణజాలాన్నే దెబ్బతీయవచ్చు. ఇవి వాడుతున్నవారిలో దగ్గుతో పాటు ఆయాసం ఉంటే స్కాన్‌ను వాయిదా వేయకూడదు.

పొయ్యి, పొగ, పిల్లికూతలు

కొండ గ్రామాల్లో చలికాలమంతా కట్టెల పొయ్యి ఇంటిలోపలే వెలుగుతుంది, చలికి దాని చుట్టూనే కూర్చుంటారు, దాని పక్కనే పడుకుంటారు. కిటికీ లేని ఇంట్లో ఆ పొగను ఇరవై ముప్పై ఏళ్ళు పీల్చిన స్త్రీకి, జీవితంలో ఒక్క బీడీ ముట్టకపోయినా, పొగతాగేవారికి వచ్చే శ్వాసనాళాల శాశ్వత అవరోధం రావచ్చు. దానినే సీఓపీడీ అంటారు. ఊదే పరీక్ష, అంటే స్పైరోమెట్రీ, దీన్ని నిర్ధారిస్తుంది. శ్వాసనాళాలు తెరిచే మందు పీల్చాక కూడా, మొదటి సెకనులో బయటకు ఊదగలిగిన గాలి మొత్తం ఊదిన గాలిలో 70 శాతం కంటే తక్కువగా ఉంటే అవరోధం ఉన్నట్టు.

ఉబ్బసంలో అవరోధం స్థిరంగా ఉండదు, పూటపూటకూ మారుతుంది. కొందరిలో పిల్లికూతలు, ఆయాసం ఏవీ లేకుండా దగ్గు ఒక్కటే ఉంటుంది. తెల్లవారుజామున, చల్లగాలికి, పొగకు, నవ్వినప్పుడు, మెట్ట ఎక్కినప్పుడు దగ్గు తెరలు తెరలుగా వస్తే ఉబ్బసాన్ని అనుమానించాలి. స్పైరోమెట్రీ అందుబాటులో లేని చోట పీక్ ఫ్లో మీటర్ అనే చిన్న గొట్టం పనికొస్తుంది. రెండు వారాల పాటు రోజూ ఉదయం, సాయంత్రం మూడేసి సార్లు గట్టిగా ఊది, ప్రతిసారీ వచ్చిన అత్యధిక అంకెను రాసుకోవాలి. ఉదయం 260, సాయంత్రం 320 వచ్చిందనుకుంటే తేడా 60, సగటు 290, అంటే ఆ రోజు మార్పు సుమారు 21 శాతం. రెండు వారాల సగటు మార్పు 10 శాతం దాటితే ఉబ్బసం వైపు మొగ్గు చూపవచ్చు. పీల్చే స్టెరాయిడ్‌ను నెల రోజులు సరైన పద్ధతిలో వాడినప్పుడు దగ్గు తగ్గితే ఆ అనుమానం బలపడుతుంది.

ఈ చోటే ఒక చవకైన రక్తపరీక్షను గుర్తుచేయాలి. రాత్రిళ్ళు దగ్గు, పిల్లికూతలు ఉండి ఉబ్బసం మందులకు లొంగని వ్యక్తి, ముఖ్యంగా బోదకాలు వ్యాధి ఉన్న కోస్తా ఊళ్ళలో నివసించిన లేదా పనికి వెళ్ళి ఉండి వచ్చిన వ్యక్తి రక్తంలో ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు మైక్రోలీటరుకు 3000 దాటితే, అది బోదకాలు పురుగుకు ఊపిరితిత్తులు చూపే ప్రతిచర్య కావచ్చు. దానికి డీఈసీ మాత్రలతో 3 వారాల చికిత్స ఉంది. స్కాన్‌లో తికమక పెట్టే సన్నని చుక్కలుగా కనిపించే ఈ జబ్బు, తెల్లకణాల లెక్కలో సూటిగా కనిపిస్తుంది.

ముక్కు వెనక నుంచి

ముక్కులోనూ దాని చుట్టూ ఉన్న గాలి గదుల్లోనూ ఊరే స్రావం ఎక్కువై గొంతు వెనక గోడ మీదుగా కిందికి జారితే దగ్గు వస్తుంది. రోగి దీన్ని ముక్కు జబ్బుగా చెప్పడు. గొంతులో ఏదో అడ్డంగా ఉందని, పొద్దున్నే గొంతు సవరించుకుంటూనే ఉండాల్సి వస్తుందని, కఫం మింగుతున్నట్టు ఉంటుందని చెబుతాడు. నోరు తెరిపించి వెలుతురులో చూస్తే గొంతు వెనక గోడ నున్నగా కాకుండా చిన్న చిన్న గుబ్బలతో కనిపించవచ్చు. అది కనిపించకపోయినా ఈ కారణాన్ని కొట్టివేయకూడదు.

చికిత్సే ఇక్కడ పరీక్ష కూడా. క్లోర్‌ఫెనిరమిన్ వంటి పాతతరం అలర్జీ మాత్ర ఈ దగ్గు మీద నిద్ర తెప్పించని కొత్తతరం మాత్రల కంటే మెరుగ్గా పనిచేస్తుంది. కానీ అది మత్తు తెస్తుంది, కొండ వాలులో కాఫీ పండ్లు కోసేవారు, ఘాట్ రోడ్డులో జీపు నడిపేవారు పగలు వేసుకుంటే ప్రమాదం, కాబట్టి రాత్రి మోతాదుతో మొదలుపెట్టాలి. ప్రోస్టేట్ సమస్య, ఒక రకం నీటికాసులు ఉన్నవారికి అది పనికిరాదు. ముక్కు దిబ్బడ తగ్గించే మందు కలిసిన మాత్రలు రక్తపోటు పెంచుతాయి గనుక బీపీ ఉన్నవారు వాటికి దూరంగా ఉండాలి. అలర్జీ లక్షణాలు, అంటే తుమ్ములు, ముక్కు దురద, కళ్ళ నీళ్ళు ఉంటే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే మేలు. తల కొద్దిగా ముందుకు వంచి, కుడి ముక్కులోకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కులోకి కుడి చేత్తో, ముక్కు మధ్య గోడకు కాకుండా బయటి వైపుకు తిప్పి కొట్టాలి. మధ్య గోడకు కొడితే రక్తం కారుతుంది, రోగి రెండో రోజే మానేస్తాడు. ఫలితం తేలడానికి రెండు వారాలైనా పడుతుంది. ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం కూడా పనిచేస్తుంది. పావు లీటరు నీటికి అర చెంచాకు కాస్త తక్కువ ఉప్పు చాలు, కానీ ఊట నీటిని నేరుగా వాడకుండా మరిగించి చల్లార్చి వాడాలి.

కడుపు నుంచి

ఆమ్లం ఎగదన్నడం వల్ల వచ్చే దగ్గును నిర్ధారించడం అన్నిటికంటే కష్టం, ఎందుకంటే ఈ దగ్గు ఉన్నవారిలో చాలామందికి గుండెల్లో మంట ఉండదు. భోజనం తర్వాత, వంగి పని చేస్తున్నప్పుడు, పడుకున్న వెంటనే దగ్గు రావడం, పుల్లటి తేన్పులు, పొద్దున బొంగురు గొంతు ఈ వైపు సూచిస్తాయి. దగ్గు కనిపించగానే గ్యాస్ మాత్ర రాసే అలవాటు విస్తృతంగా ఉంది. గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు లేనివారిలో కేవలం ఆమ్లం తగ్గించే మాత్రలతో దగ్గు తగ్గుతుందనడానికి తగిన ఆధారం లేదని అమెరికా ఛాతీ వైద్యుల సంఘం 2016 మార్గదర్శకాలు స్పష్టం చేశాయి. ఆ లక్షణాలు ఉన్నవారిలో కూడా మాత్రతో పాటు అలవాట్లు మారాలి. రాత్రి భోజనానికి, పడకకు మధ్య రెండు మూడు గంటల ఎడం ఉండాలి, భోజనం తర్వాత జీలుగు కల్లు తాగి వెంటనే పడుకునే అలవాటు మానాలి, మంచం తలవైపు కాళ్ళ కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తాలి. తలగడలు పేర్చితే నడుము దగ్గర వంగి పొట్ట మీద ఒత్తిడి పెరుగుతుంది, ప్రయోజనం రాదు. నేల మీద పడుకునేవారికి చెక్కను వాలుగా పెట్టి దాని మీద చాప పరచుకోవచ్చు. మాత్రను తిండికి అరగంట ముందు వేసుకోవాలి. ఈ దగ్గు తగ్గడానికి 8 నుంచి 12 వారాలు పడుతుంది, కాబట్టి ముక్కు చికిత్సకు పెట్టిన రెండు వారాల గడువును దీనికి పెట్టి విఫలమైందని అనుకోకూడదు.

ఒక కేసు, మొదటి నుంచి

ఈ క్రమం ఆచరణలో ఎలా నడుస్తుందో చూపడానికి ఒక నమూనా కేసును తీసుకోవచ్చు. అరకులోయ మండలంలోని ఒక గ్రామంలో కాఫీ తోట ఉన్న 52 ఏళ్ళ స్త్రీకి 3 నెలలుగా పొడి దగ్గు. రెండు సీసాల దగ్గు టానిక్, ఒక వారం అమాక్సిసిలిన్ వాడినా తగ్గలేదు. విశాఖ వెళ్ళి స్కాన్ తీయించుకోమని ఎవరో చెప్పారు. ఆమెకు జ్వరం లేదు, రక్తం పడలేదు, ఏఎన్‌ఎం రిజిస్టరులో ఆరు నెలల క్రితపు బరువుకు, ఇప్పటి బరువుకు తేడా లేదు. ఆమె చుట్ట తాగదు, వంట మాత్రం ఇంటిలోపలి కట్టెల పొయ్యి మీదే.

రెండు కఫ నమూనాల్లో మొదటిది ఉమ్మిగానే తేలడంతో మళ్ళీ తీయించారు. రెండింటిలోనూ ట్రూనాట్‌లో క్షయ క్రిమి కనబడలేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. రెండు వారాల పీక్ ఫ్లో అంకెలు ఉదయం 300, సాయంత్రం 310 దగ్గరే తిరిగాయి, అంటే మార్పు 3 శాతం ప్రాంతంలో, కాబట్టి ఉబ్బసం అవకాశం తక్కువ. ఈసినోఫిల్స్ మామూలుగా ఉన్నాయి. సంచీ తెప్పించి చూస్తే అందులో 5 మిల్లీగ్రాముల ఎనలాప్రిల్ ఉంది, 5 నెలల క్రితం బీపీకి మొదలైంది. దగ్గు దాని తర్వాత 2 నెలలకు వచ్చింది గనుక ఆమె ఆ రెంటినీ కలిపి ఎప్పుడూ ఆలోచించలేదు.

ఎనలాప్రిల్ స్థానంలో టెల్మిసార్టాన్ ఇచ్చి, దగ్గు తీవ్రతకు 0 నుంచి 10 వరకు ఒక అంకెను వారానికోసారి చెప్పమన్నారు. మొదట 8, రెండు వారాలకు 6, నాలుగు వారాలకు 4. అక్కడ ఆగిపోయింది, మరో మూడు వారాలైనా 4 దగ్గరే ఉంది. ఈ దశలోనే చాలా వైద్యాలు దారి తప్పుతాయి. మందు మార్పు పనిచేయలేదని పాత మాత్రకు తిరిగి వెళ్ళడమో, ఇక స్కాన్ తప్పదని అనుకోవడమో జరుగుతుంది. నిజానికి సగం తగ్గిన దగ్గు అంటే సగం కారణం దొరికిందని అర్థం. దీర్ఘకాలిక దగ్గులో రెండు కారణాలు కలిసి ఉండడం తరచుగా జరిగేదే. మిగిలిన దగ్గు పొద్దునే ఎక్కువని, లేవగానే గొంతు సవరించుకోవలసి వస్తోందని, పొయ్యి ముందు కూర్చుంటే తుమ్ములు వస్తున్నాయని ఆమె మళ్ళీ అడిగినప్పుడు చెప్పింది. టెల్మిసార్టాన్ కొనసాగిస్తూనే ముక్కు స్ప్రే, ఉప్పునీటి కడుగుడు మొదలుపెట్టి, పొయ్యిని వసారాలోకి మార్చారు. ఇంకో నాలుగు వారాలకు అంకె 1కి దిగింది.

ఈ కేసులో ఒక్కోసారి ఒక్క మార్పే చేయడం వల్ల ఏది దేనికి పనిచేసిందో తెలిసింది. అన్నీ ఒకేసారి ఇచ్చి ఉంటే దగ్గు కొంచెం ముందే తగ్గేదేమో గాని, ఆమె జీవితాంతం ఏ మందు వాడకూడదో ఎవరికీ తెలిసేది కాదు. ఆమె ఆరోగ్య చీటీ మీద ‘ఎనలాప్రిల్ వర్గం పడదు, దగ్గు’ అని రాసి ఇవ్వడంతో, రేపు ఏ ఆసుపత్రిలో చేరినా ఆ పొరపాటు మళ్ళీ జరగదు.

స్కాన్ ఎప్పుడు

సీటీ స్కాన్‌కు తనదైన చోటు ఉంది, ఆ చోటు వచ్చినప్పుడు ఖర్చును చూసి వెనకాడడం సరికాదు. ఎక్స్‌రేలో వివరణ లేని నీడ కనిపించినప్పుడు, కఫంలో రక్తం పడుతూ ఎక్స్‌రే మామూలుగా ఉన్నప్పుడు, చాలా ఏళ్ళు పొగతాగినవారిలో దగ్గు తీరు మారినప్పుడు స్కాన్ కావాలి. గతంలో క్షయ వచ్చి తగ్గిన వ్యక్తికి రోజూ గ్లాసెడు తెమడ పడుతుంటే శ్వాసనాళాలు శాశ్వతంగా వెడల్పై ఉండవచ్చు, అది స్కాన్‌లోనే బాగా తెలుస్తుంది. వేలి కొసలు గుండ్రంగా ఉబ్బి, వీపు కింది భాగంలో స్టెతస్కోప్‌కు చిటపట శబ్దం వినిపిస్తే ఊపిరితిత్తులు గట్టిపడుతున్న జబ్బు కోసం స్కాన్ చేయాలి. చివరగా, పైన చెప్పిన చికిత్సలన్నిటినీ సరైన మోతాదులో సరైన గడువు వరకు వాడినా దగ్గు ఏమాత్రం తగ్గకపోతే స్కాన్‌కు పంపాలి. అప్పుడైనా స్కాన్ కంటే ముందు ఇన్‌హేలర్ నిజంగా లోపలికి వెళ్తోందా, స్ప్రే రోజూ కొడుతున్నారా అన్నది రోగి చేత ఎదురుగా చేయించి చూడాలి. మందు పనిచేయలేదనిపించిన కేసుల్లో కొన్నిటికి జవాబు అక్కడే దొరుకుతుంది.

అరకు నుంచి విశాఖకు స్కాన్ కోసం పంపే చీటీ మీద నాలుగు విషయాలు తప్పక ఉండాలి. దగ్గు మొదలైన నెల, కఫ పరీక్షల తేదీలూ ఫలితాలూ, ఇంతవరకు ప్రయత్నించిన మందులు ఎన్ని వారాలు వాడారో, స్కాన్‌తో ఏ ప్రశ్నకు జవాబు కావాలో. పాత ఎక్స్‌రే ఫిల్ములు, ఏడెనిమిదేళ్ళ క్రితంవి అయినా సరే, రోగి వెంట పంపాలి. ఎందుకంటే స్కాన్‌లో కనిపించిన మచ్చ ఆ పాత ఫిల్ములో కూడా అదే చోట, అదే పరిమాణంలో ఉంటే, అది కొత్త జబ్బు కాదని రేడియాలజిస్టు అక్కడికక్కడే చెప్పగలుగుతాడు, ఆరు నెలలకు మరో స్కాన్ కోసం మరో ప్రయాణం చాలాసార్లు తప్పిపోతుంది.